పాస్‌పోర్టులో ఒక పేరు, మెమోలో ఇంకో పేరు: పీఆర్‌కి మా ఆవిడ కాగితాలు ఎలా సర్దాలి?

ఆదోని, ఇప్పుడు బ్రాంప్టన్

అందరికీ నమస్కారం. నేను కెనడా వచ్చి రెండేళ్లు దాటింది. పీఆర్‌కి, అంటే పర్మనెంట్ రెసిడెన్స్‌కి దరఖాస్తు చేసుకోమని ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఇన్విటేషన్ వచ్చి ఇవాళ్టికి పది రోజులు. అరవై రోజుల్లో అన్నీ అప్‌లోడ్ చేయాలి కాబట్టి ఇంక యాభై మిగిలాయి. నా మెడికల్ అయిపోయింది. మా ఆవిడ కర్నూలులో మా అమ్మావాళ్ల దగ్గరే ఉంది, తన కాగితాలు చూస్తుంటేనే టెన్షన్‌గా ఉంది.

పాస్‌పోర్టులో సర్‌నేమ్ `GANGULA`, గివెన్ నేమ్ `LAKSHMIDEVI`. పదో తరగతి మెమోలో `G LAKSHMI DEVI`. ఆధార్‌లో `Gangula Lakshmi Devi`. మ్యారేజ్ సర్టిఫికెట్‌లో `G. LAXMI DEVI`. పుట్టినరోజు మాత్రం అన్నిట్లో ఒకటే, 07/04/1993, అంటే ఏప్రిల్ ఏడు. ఇందులో ఏది దిద్దించాలి, ఏది వదిలేయాలి? ఇంకో మాట, నేను ఇక్కడికి బయలుదేరే ముందు తీసుకున్న పీసీసీ, అంటే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, నా దగ్గర ఉంది. అది పనికొస్తుందా?

ప్రొద్దుటూరు, ఇప్పుడు కాల్గరీ

తమ్ముడూ, ముందు మీ ఆవిడ పాస్‌పోర్టులో నీ ఇంటిపేరు పెట్టించు. భార్యాభర్తల ఇంటిపేరు ఒకటిగా లేకపోతే ఇక్కడ ప్రశ్నలు వస్తాయి. మేం అలాగే చేశాం, ఏ ఇబ్బందీ రాలేదు. నీ పీసీసీ గురించి దిగులు వద్దు. నువ్వు మళ్లీ ఇండియా వెళ్లలేదు కదా, పాతదే చాలు. ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు: తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీష్ అనువాదం ఉండాలి.

అనంతపురం, ఇప్పుడు మిస్సిసాగా

పై అన్న అనువాదం గురించి చెప్పింది నిజం. దానికి ఒక మాట కలుపుతాను. కాగితం మొత్తం ఇంగ్లీషులో ఉన్నా, దాని మీద పడిన ముద్ర తెలుగులో ఉంటే ఆ ముద్రనూ అనువాదం చేయించాలి. మీరో, మీ ఇంట్లోవాళ్లో చేస్తే కుదరదు. మన దగ్గర పంచాయతీ, మున్సిపాలిటీ ముద్రలు చాలా వరకు తెలుగులోనే ఉంటాయి, అందుకే చెప్తున్నా.

మిగతా రెండింటిలో మాత్రం నా మాట వేరు, తమ్ముడూ. పాస్‌పోర్టు జోలికి ఇప్పుడు వెళ్లొద్దు. పెళ్లయిన అమ్మాయి భర్త ఇంటిపేరు పెట్టుకోవాలనే నియమం కెనడాకి లేదు. మీరిద్దరూ భార్యాభర్తలని చూపించేది మ్యారేజ్ సర్టిఫికెట్, ఇంటిపేరు కాదు. పాస్‌పోర్టు మార్చితే నంబరు మారుతుంది. పీసీసీ మీద పాస్‌పోర్టు నంబరు ఉంటుంది, మెడికల్‌లో కూడా పాస్‌పోర్టే చూస్తారు. మధ్యలో నంబరు మారితే పాతదీ కొత్తదీ రెండూ పెట్టి, ఎందుకు మారిందో రాసుకోవాలి. ఉన్న యాభై రోజుల్లో ఆ పని నెత్తిన వేసుకోవద్దు.

నీ పీసీసీ కొత్తది తీసుకోవాల్సిందే. నువ్వు ఇప్పుడు ఉంటున్న దేశం కాకుండా, ఆరు నెలలు లేదా అంతకంటే ఎక్కువ కాలం వరుసగా ఉన్న ఇంకో దేశం పీసీసీ అయితే, అక్కడి నివాసం ముగిసిన తర్వాత జారీ అయి ఉండాలి. నీది బయలుదేరే ముందే జారీ అయింది కాబట్టి లెక్కలోకి రాదు. ఇండియన్ కాన్సులేట్ తరఫున దరఖాస్తులు తీసుకునే సెంటర్‌లో ఈ వారమే వెయ్యి. వెరిఫికేషన్‌కి మీ ఊరి పోలీసుల దాకా వెళ్లి రావాల్సి వస్తే వారాలు పడుతుంది. మీ ఆవిడది వేరే లెక్క. తను ఇండియాలోనే ఉంది కాబట్టి, మీరు అప్లికేషన్ సబ్‌మిట్ చేసే రోజుకి ఆ పీసీసీకి ఆరు నెలలు దాటకుండా ఉంటే చాలు. పాస్‌పోర్టు సేవ సైటులో దరఖాస్తు చేసేటప్పుడు, ఇప్పుడు నిజంగా ఉంటున్న కర్నూలు ఇంటి అడ్రసే రాయమను. పాస్‌పోర్టులో ఆదోని అడ్రస్ ఉంది కదా అని అదే రాస్తే, పోలీసులు అక్కడికి వెళ్లి మనిషి లేదని రాస్తారు.

ఇక పేర్లు. ముందు పాస్‌పోర్టులో ఫోటో ఉన్న పేజీ అడుగున ఉండే రెండు వరుసలు చూడు. మొదటి వరుస మీ ఆవిడకి ఇలా ఉండాలి:

```
P<INDGANGULA<<LAKSHMIDEVI<<<<<<<<<<<<<<<<<<<
```

`IND` తర్వాత ఉన్నది ఇంటిపేరు. జంట గుర్తుల తర్వాత ఉన్నది గివెన్ నేమ్. ఫారాల్లో, మెడికల్‌లో, అన్నిచోట్లా ఇదే అక్షరం పొల్లు పోకుండా రాయాలి. మీకు అందంగా ఉంటుందని లక్ష్మి, దేవి మధ్య ఖాళీ పెట్టొద్దు. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు మనవాళ్లలో చాలా ఉన్నాయి. వాళ్లు మొత్తం పేరుని ఫ్యామిలీ నేమ్ గడిలో రాసి గివెన్ నేమ్ గడి ఖాళీగా వదలాలి. మీకు ఆ చిక్కు లేదు.

మెమో, ఆధార్, మ్యారేజ్ సర్టిఫికెట్ దేన్నీ దిద్దించొద్దు. ఇంకేదైనా పేరు వాడారా అని ఫారంలో ప్రశ్న ఉంటుంది. అక్కడ అవునని చెప్పి, ఆ మూడు రూపాలూ రాయండి. తర్వాత ఒక పేజీ లేఖ రాసి, ఏ కాగితంలో ఏ పేరు ఉందో వరుసగా చూపించండి. `G` అంటే `GANGULA` అనే ఇంటిపేరుకి పొడి అక్షరం అని, పేరు ముందు ఇంటిపేరు రాయడం మన దగ్గర అలవాటని, `LAXMI` అన్నది `LAKSHMI`కే ఇంకో స్పెల్లింగ్ అని ఒక్కో వాక్యంలో రాస్తే సరిపోతుంది. మన పద్ధతి తెలియని ఆఫీసర్‌కి `G` ఎవరో, ఏమిటో ఎలా తెలుస్తుంది? కర్నూలులో నోటరీ దగ్గర ఇవన్నీ ఒకే మనిషి పేర్లని అఫిడవిట్ చేయించి దానికి జత చేయండి. అది తప్పనిసరి అని నేను అనను, కానీ మ్యారేజ్ సర్టిఫికెట్‌లో స్పెల్లింగే మారింది కాబట్టి మీ విషయంలో పెట్టడం మంచిది.

ప్రొద్దుటూరు, ఇప్పుడు కాల్గరీ

పీసీసీ విషయంలో నేను పొరబడ్డాను, క్షమించు తమ్ముడూ. కానీ పొడి అక్షరం ఉన్నంత మాత్రాన దాన్ని వేరే పేరుగా చూపించాలా? మేం చూపించలేదు. చూపిస్తే లేనిపోని అనుమానం వస్తుందేమో.

అనంతపురం, ఇప్పుడు మిస్సిసాగా

మీకు ఇబ్బంది రాకపోవడం సంతోషం, అన్నా. చాలామంది చూపించరు, చాలామందికి సాగిపోతుంది కూడా. నేను మాత్రం ప్రభుత్వం ఇచ్చిన కాగితం మీద ఉన్న ప్రతి రూపాన్నీ రాయమనే చెప్తాను. ముందే రాసిన పేరు గురించి ఎవరూ అడగరు. వాళ్లంతట వాళ్లు కనిపెట్టిన పేరుకైతే సంజాయిషీ చెప్పుకోవాలి.

రాయచోటి, ఇప్పుడు ఎడ్మంటన్

అక్కా, నాది కూడా కాస్త చూడండి. నేను ఇక్కడికి రాకముందు నాలుగేళ్లు కువైట్‌లో పనిచేశాను. అక్కడి సివిల్ ఐడీలో నా పేరు తర్వాత మా నాయన పేరు కూడా చేరింది. ఇంటిపేరు అరబీ నుంచి మళ్లీ ఇంగ్లీషులోకి వచ్చేసరికి స్పెల్లింగ్ మారిపోయింది. పీసీసీ తెప్పిస్తే అదే పేరుతో వస్తుందేమోనని భయంగా ఉంది. నేనూ పాస్‌పోర్టు మార్చుకోవాలా?

అనంతపురం, ఇప్పుడు మిస్సిసాగా

పాస్‌పోర్టు మార్చమని నేను ఎవరికీ చెప్పడం లేదు తమ్ముడూ, మార్చొద్దనే చెప్తున్నా. కువైట్ పీసీసీ నీకు కావాలి. పద్దెనిమిదేళ్లు నిండాక, గత పదేళ్లలో ఆరు నెలలు లేదా అంతకంటే ఎక్కువ కాలం వరుసగా ఉన్న ప్రతి దేశం నుంచీ అడుగుతారు. దరఖాస్తులో ఇండియన్ పాస్‌పోర్టు కాపీ పెట్టి, పేరు అందులో ఉన్నట్టే ఇవ్వమని అడుగు. అరబీలో వస్తే అనువాదం చేయించు. సివిల్ ఐడీలో ఉన్న పేరుని కూడా వేరే పేర్ల గడిలో రాయి. కువైట్ వెళ్లకుండా తెప్పించుకున్నవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే, అక్కడి పద్ధతి వాళ్లు చెప్తే మేలు.

నంద్యాల, ఇప్పుడు విన్నిపెగ్

నాది ఇంకో అనుభవం. గడువు నాటికి నా ఇండియా పీసీసీ రాలేదు. దరఖాస్తు చేసిన రసీదు, ఎందుకు ఆలస్యమైందో చెప్పే లేఖ పెట్టి సబ్‌మిట్ చేశాను. తర్వాత పీసీసీ వచ్చాక అప్‌లోడ్ చేశాను, అంగీకరించారు. పీసీసీ చేతికి రాలేదని గడువు దాటేదాకా ఆగిపోవద్దు.

అనంతపురం, ఇప్పుడు మిస్సిసాగా

మీకు అంగీకరించారు గానీ, అందరికీ అలాగే జరుగుతుందని నేను మాట ఇవ్వలేను. నాకు తెలిసిన ఒకరికి కాగితాలు అసంపూర్తిగా ఉన్నాయని వెనక్కి వచ్చేసింది. అరవై రోజుల గడువు పొడిగించరు. రసీదుతో పంపడం చివరి దారి మాత్రమే. అంతకంటే ముందు, అసలు పీసీసీ వచ్చేలా లేదనిపిస్తే ఇన్విటేషన్ వద్దని చెప్పి, పిలుపు కోసం ఎదురుచూసేవాళ్ల పూల్‌లోకి తిరిగి వెళ్లొచ్చు, కానీ మళ్లీ పిలుస్తారన్న గ్యారంటీ లేదు. ఈ రెండింటిలో ఏది మేలో నీ స్కోరు చూసుకుని నువ్వే తేల్చుకోవాలి ఆదోని తమ్ముడూ.

తేదీ గురించి ఒక మాట చెప్పడం మరిచాను. మీ ఆవిడ పుట్టినరోజు 07/04. ఇక్కడి మనుషులు కొందరు దాన్ని జూలై నాలుగు అని చదువుతారు. రోజు పన్నెండు దాటితే, ఉదాహరణకి 23/04 అయితే, తిరగేసినా ఇరవై మూడో నెల ఉండదు కాబట్టి కంప్యూటరే ఆపేస్తుంది. పన్నెండు లోపు పుట్టినవాళ్ల తేదీ తిరగబడితే ఏ హెచ్చరికా రాదు, అలాగే నమోదైపోతుంది. ఫారంలో `1993-04-07` అని, లేఖల్లో నెలని అక్షరాల్లో రాయండి. ఎప్పుడైనా సందేహం వస్తే మళ్లీ పాస్‌పోర్టు అడుగునే చూడండి. రెండో వరుసలో `IND` తర్వాత వచ్చే ఆరు అంకెలు `930407`. అందులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. పీసీసీ జారీ తేదీనీ ఇలాగే జాగ్రత్తగా చదవండి. 05/03 అంటే మార్చి ఐదు. మే మూడు అనుకుంటే ఆరు నెలల లెక్క రెండు నెలలు తప్పుతుంది.

మెడికల్‌కి కర్నూలు డాక్టర్ సర్టిఫికెట్ పనికిరాదు, కెనడా జాబితాలో ఉన్న ప్యానెల్ డాక్టరే చేయాలి. మనకి దగ్గరవి హైదరాబాద్, బెంగళూరు. 2025 ఆగస్టు 21 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో మెడికల్ ముందే చేయించి అప్లికేషన్‌తో పెట్టాలి. అక్కడ ఈమెడికల్ షీట్ ఇస్తారు, దాని మీద ఫోటో, ఆ మెడికల్ పరీక్షకి ఇచ్చే ఐఎంఈ నంబరు, పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. మీ ఆవిడ ఆ షీట్‌ని క్లినిక్ గుమ్మం దాటకముందే చదవాలి. మా చెల్లెలిది తిరగబడిన తేదీతో వచ్చింది. ఇంటికొచ్చాక చూసుకుని దిద్దించుకోవడానికి వారాలు తిరిగాం.

ఆదోని, ఇప్పుడు బ్రాంప్టన్

అక్కా, మీరు చెప్పకపోతే మునిగిపోయేవాళ్లం. నిన్న మా ఆవిడ, మా నాన్న హైదరాబాద్ వెళ్లారు. షీట్ చేతికి రాగానే నాకు ఫోన్ చేసి చదివింది. పేరు సరిగ్గానే ఉంది, `LAKSHMIDEVI` కలిపే రాశారు. పుట్టిన తేదీ మాత్రం `1993-07-04`. కౌంటర్ దగ్గర పాస్‌పోర్టు తెరిచి `930407` చూపించమన్నాను. రిపోర్టు ఇంకా పంపలేదట, పది నిమిషాల్లో దిద్ది కొత్త షీట్ ఇచ్చారు. పాతది చింపి పారేశారు.

తన పీసీసీ దరఖాస్తు కర్నూలు అడ్రస్‌తోనే పెట్టాం. నాది ఇక్కడ నిన్ననే వేశాను. అఫిడవిట్‌కి సోమవారం నోటరీ దగ్గరికి వెళ్తున్నారు. ఒక్కటి మిగిలింది: మ్యారేజ్ సర్టిఫికెట్ మీద సబ్ రిజిస్ట్రార్ ముద్ర సగం తెలుగు, సగం ఇంగ్లీష్. ఆ తెలుగు సగానికి కూడా అనువాదం చేయించాలా?

అనంతపురం, ఇప్పుడు మిస్సిసాగా

చేయించు. ఆ ముద్రలో ఉన్న తెలుగు మాటలన్నీ అనువాదకుడు రాసేలా చూసుకో. అనువాదంలో మీ ఆవిడ పేరు `G. LAXMI DEVI` అనే ఉండాలి, పాస్‌పోర్టులా దిద్దొద్దని ముందే చెప్పు. అసలు కాగితంలో ఎలా ఉంటే అనువాదంలోనూ అలాగే ఉండాలి.