అప్‌డేట్: ఎల్‌సీఎస్ టేబుల్‌లో 3 ఎందుకొచ్చిందో దొరికింది

నా ప్రశ్న: "ABCB, BBC రెండింటిలోనూ ఒకే క్రమంలో దొరికే అతి పొడవైన అక్షరాల గొలుసు, అంటే ఎల్‌సీఎస్, పొడవు కోసం టేబుల్ చేత్తో నింపితే 3 వస్తోంది. కీలో 2 ఉంది. తప్పెక్కడ?"

విజయనగరంలో మా పక్క రూమ్ సీనియర్ అన్న చూడగానే మొదటి B వరసలో, రెండో B కింది గడి మీద వేలు పెట్టాడు. అక్షరాలు కలిశాయని ఎడమ గడికి 1 కలిపి 2 వేశాను. కలపాల్సింది పై ఎడమ మూల గడికి. అక్కడున్నది 0, కాబట్టి 1 రావాలి. అప్పటిదాకా వచ్చిన AB లో B ఒక్కటే, దాన్నే రెండుసార్లు వాడేశానన్నమాట! ఆ తప్పే కిందికి పాకి 3 అయింది.

సరిచేశాక:

```
    B B C
  0 0 0 0
A 0 0 0 0
B 0 1 1 1
C 0 1 1 2
B 0 1 2 2
```

చివరి గడిలో అక్షరాలు కలవవు, పైనా ఎడమా రెండూ 2. పైకెళ్తే BC, ఎడమకెళ్తే BB. రెండూ కరెక్టే. ఈ టై చూసి కూడా టెన్షన్ పడ్డాను లెండి.