అప్‌డేట్: ఛార్జర్‌లో పచ్చ లైటే, టార్చ్ మాత్రం వెలగదు (18650 సెల్)

నా ప్రశ్న: "కరెంటు పోయినప్పుడు టార్చ్ ఉన్నట్టుండి ఆరిపోయింది. సెల్‌ని ఛార్జర్‌లో పెడితే వెంటనే పచ్చ లైటు, మల్టీమీటర్‌లో 0 వోల్టులు. సెల్ చచ్చిపోయిందా?"

చావలేదు. ప్రొటెక్షన్ సర్క్యూట్ ట్రిప్ అయి ఉండొచ్చన్నవాళ్లదే రైటు, థ్యాంక్స్. బెంగళూరు ఎస్పీ రోడ్‌లో ఒక షాపాయన సెల్‌ని వేరే ఛార్జర్‌లో పెట్టారు, అది ముందు చిన్న కరెంటు పంపి సర్క్యూట్‌ని మేల్కొలిపే రకం. నిమిషంలోపే 2.8 వోల్టులు కనిపించాయి, రెండు వోల్టుల కంటే కింద ఉంటే పారేయమనేవాణ్ణి అన్నారు.

జరిగిందేమిటంటే, చార్జి బాగా దిగిపోగానే సెల్ అడుగున ఉండే చిన్న బోర్డు, అదే ప్రొటెక్షన్ సర్క్యూట్, దారి మూసేసింది, అందుకే బయట సున్నా. టార్చ్‌తో వచ్చిన చవక ఛార్జరేమో వోల్టేజి కనపడకపోతే స్లాట్ ఖాళీ అనుకుని పచ్చ లైటే చూపిస్తుంది, నేను దాన్ని ఫుల్ అనుకున్నాను! కొత్త ఛార్జర్‌లో 4.19 దగ్గర ఆగింది.

స్ప్రింగు, స్విచ్చి తుడిచింది వృథా. బోర్డు లేని సెల్ వేసుకోమన్న సలహా మాత్రం వద్దనుకున్నాను, నా టార్చ్‌కి సొంతంగా ఆగే ఏర్పాటు లేదు, ఆ సెల్‌ని అడుగంటా పిండేస్తుంది. బోర్డు ఉన్న ప్రొటెక్టెడ్ సెల్ మామూలు సెల్‌లా 65 కాదు, దాదాపు 69 మిల్లీమీటర్లు ఉంటుంది, కొనేముందు మీ టార్చ్‌లో, ఛార్జర్ స్లాట్‌లో పడుతుందో లేదో కొలుచుకోండి.