క్రీ.పూ. నుంచి క్రీ.శ.కి లెక్క: 77 ఏళ్లా, 76 ఏళ్లా?

మా అమ్మాయి ఆరో తరగతి. హిస్టరీ వర్క్‌షీట్‌లో రోమ్ టైమ్‌లైన్ ఇచ్చారు: అగస్టస్ పుట్టుక క్రీ.పూ. 63, జూలియస్ సీజర్ హత్య క్రీ.పూ. 44, ఆక్టియం యుద్ధం క్రీ.పూ. 31, అగస్టస్ మరణం క్రీ.శ. 14. చిన్న అంకె కదా అని తను 14ని ముందు పెట్టేసింది. క్రీ.పూ.లో పెద్ద అంకె ఉన్నదే పాతదని చెప్తే వరుస సరిచేసుకుంది. 63 నుంచి 44 తీసేసి 19 ఏళ్లు అనడమూ బాగానే వచ్చింది.

చిక్కంతా చివరి ప్రశ్న దగ్గరే. పుట్టుకకీ మరణానికీ మధ్య ఎన్నేళ్లు? జవాబుల పేజీలో 63 + 14 = 77 అని ఉంది. కానీ సున్నా సంవత్సరం లేదుగా, క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1. అంటే ఒకటి తగ్గించి 76 అనాలి. పైగా ఆయన పుట్టింది సెప్టెంబర్ 23న, పోయింది ఆగస్టు 19న. పుట్టినరోజు ఇంకా రాలేదు కాబట్టి నిండిన వయసు 75 మాత్రమే!

నెలలు ఇవ్వని ప్రశ్నకు 76 రాయమనడం సరైనదేనా? టీచర్లెవరైనా ఉంటే చెప్పండి, పరీక్షలో 76 రాస్తే మార్కులు వేస్తారా? ఆ ‘ఒకటి తగ్గించడం’ పిల్లకి అర్థమయ్యేలా గీత మీద ఎలా చూపిస్తారు? నేను గీసిన నంబర్ లైన్‌లో మధ్యలో సున్నా ఎక్కడని అడుగుతోంది.