భూమి నీడలో ఉన్న చంద్రుడు నల్లగా కాకుండా రాగిరంగులో ఎందుకు? అదీ పైన ఒకలా, కింద ఒకలా?

మేడమీది_చూపు
2025 సెప్టెంబర్ 7 రాత్రి చంద్రగ్రహణాన్ని హైదరాబాద్‌లో మా మేడ మీద నుంచి చూశాను. పంచాంగంలో వేసినట్టే 11 గంటలకు చంద్రుడు పూర్తిగా నీడలోకి వెళ్లాడు, 12:22కు బయటపడటం మొదలైంది. నా సందేహం రంగు గురించి. సూర్యకాంతికి భూమి అడ్డం వచ్చినప్పుడు చంద్రుడు మాయమైపోవాలి కదా, ఎర్రగా కనిపించడం ఎందుకు?
ఇంకొకటి కూడా ఉంది. గ్రహణ మధ్యకాలంలో, అంటే 11:41 ప్రాంతంలో, బైనాక్యులర్‌తో చూస్తే పైభాగం ముదురు గోధుమరంగులో మసకగా ఉంది, కింది అంచు మాత్రం నారింజ రంగులో తేటగా ఉంది. అంతకుముందు 11 గంటలకు ఆ తేట అంచు కుడివైపు కిందుగా ఉండేది. 12:20కి ఎడమవైపుకు మారింది. నీడ ఒక్కటే అయినప్పుడు ఈ తేడాలు ఎక్కడివి?

చుక్కల_దారి
ఇది తేలికే. సాయంత్రం ఆకాశం ఎర్రబడటానికి ఏది కారణమో దీనికీ అదే కారణం. గాలిలోని అణువులు నీలిరంగు కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి, ఎరుపును అంతగా చెదరగొట్టలేవు. మిగిలిన ఎరుపు చంద్రుడి మీద పడుతుంది. అందుకే రాగిరంగు.

సత్యం_మాస్టారు
చుక్కల దారి గారూ, కాంతి ఎర్రగా ఎందుకు ఉంటుందో మీరు చెప్పింది నిజమే. కానీ మేడమీది చూపు గారు అడిగింది అంతకు ముందు మెట్టు. అసలు ఆ కాంతి నీడలోకి ఎలా చేరింది? ఎరుపు చెదరకుండా తిన్నగా పోతుందంటే, తిన్నగా పోయే కాంతి భూమి పక్కనుంచి సాగిపోతుందే తప్ప వెనక దాక్కున్న చంద్రుడి మీద పడదు. దాన్ని లోపలికి వంచేది వేరే ఉండాలి. ఆ పని వక్రీభవనానిది.
మన దగ్గర సూర్యుడు దిగంతాన్ని తాకుతున్నట్టు కనిపించే సమయానికి నిజానికి అప్పటికే కిందికి దిగిపోయి ఉంటాడు. గాలి కాంతిని అర డిగ్రీకి కొంచెం పైనే వంచి మనకు చూపిస్తుంది. చంద్రుడి వైపు వెళ్లే కాంతి గాలిలోకి వచ్చేటప్పుడు అంత వంగుతుంది, అవతలికి పోయేటప్పుడు మళ్లీ అంతే వంగుతుంది. మొత్తం ఒక డిగ్రీ దాటుతుంది. చంద్రుడి మీద నుంచి చూస్తే భూమి వెడల్పు దాదాపు రెండు డిగ్రీలు, సూర్యుడి వెడల్పు అర డిగ్రీ. భూమికి సరిగ్గా వెనక దాగిన సూర్యుడి అంచు కాంతి నీడ నడిమధ్యకు చేరాలంటే సుమారు 0.7 డిగ్రీలు వంగితే చాలు. అంటే వంపు సరిపోతుంది. గాలి లేని భూమి అయితే చంద్రుడు నిజంగానే నల్లబడిపోయేవాడు.
ఇక ఎరుపు సంగతి. నేలను ఒరుసుకుంటూ పోయే ఆ కాంతి, నడినెత్తి సూర్యుడి కాంతి దాటే గాలికన్నా దాదాపు 75 రెట్లు ఎక్కువ గాలిని దాటుతుంది. ధూళి, మబ్బు ఏమీ లేని శుభ్రమైన గాలి అనుకున్నా, ఆ దారిలో ఎరుపు నూటికి ఒకటి రెండు వంతులు మిగులుతుంది. నీలం లక్షలో ఒక వంతు కూడా మిగలదు.

పల్లె_పౌర్ణమి
మా ఊళ్లో మామూలు పున్నమి రోజున కూడా చంద్రుడు పొలాల మీదుగా ఉదయించేటప్పుడు ఎర్రగానే ఉంటాడు. గ్రహణం లేకపోయినా ఉంటాడు. మరి దానికి ఏం చెబుతారు?

సత్యం_మాస్టారు
అమ్మా, అక్కడ ఎరుపు పుట్టేది చంద్రుడికీ మీ కంటికీ మధ్య ఉన్న గాలిలో. చంద్రుడు తెల్లగానే ఉంటాడు. గంట తరువాత పైకి వచ్చాక చూస్తే తెలుస్తుంది. సెప్టెంబర్ గ్రహణంలో చంద్రుడు దక్షిణాన చాలా ఎత్తులో ఉన్నాడు, మన గాలి చేసే మార్పు అంతగా ఉండదు. ఆ ఎరుపు చంద్రుడి నేల మీద పడ్డ వెలుగుదే. ఆ వెలుగు ఎక్కడిదో లెక్క వేస్తే ఆశ్చర్యం వేస్తుంది. మనకు రాత్రి 11:41 అయినప్పుడు నెదర్లాండ్స్‌లో, స్పెయిన్ తూర్పు తీరంలో, ఘనాలో సూర్యుడు అస్తమిస్తున్నాడు. ఫిజీ దీవుల్లో ఉదయిస్తున్నాడు. భూగోళం చుట్టూ ఆ గీత మీద ఉన్న గాలి గుండా వచ్చిన వెలుగే మనం చూసింది.

న్యూజెర్సీ_శేఖర్
ఆ గీతను అవతలి వైపు నుంచి ఫొటో తీసిన వాళ్లున్నారు. 2025 మార్చి 14 తెల్లవారుజామున ఇక్కడ అమెరికాలో సంపూర్ణ గ్రహణం కనిపించినప్పుడు బ్లూ గోస్ట్ ల్యాండర్ చంద్రుడి మీదే ఉంది. భూమి వెనక నుంచి సూర్యుడు బయటికి వస్తుండగా, నల్లటి భూమి చుట్టూ వెలుగు వలయం పట్టిన చిత్రాన్ని పంపింది.
మాకు ఇక్కడ 2:26 నుంచి 3:31 వరకు సంపూర్ణ గ్రహణం. నేను చూసిన దాంట్లో తేటగా ఉన్నది ఉత్తరపు అంచు. మేడమీది చూపు గారేమో కింది అంచు అంటున్నారు. రెండూ ఒకే ఏడాది గ్రహణాలే కదా, ఎందుకిలా తిరగబడింది?

సత్యం_మాస్టారు
మీ ఇద్దరి ప్రశ్నలకూ సమాధానం ఒకటే. నీడ అంతటా ఒకేలా ఉండదు. ఎక్కువగా వంగిన కాంతి మాత్రమే నడిమధ్యకు చేరుతుంది. ఎక్కువగా వంచేది చిక్కటి గాలి, అంటే నేలకు నాలుగైదు కిలోమీటర్ల లోపు గాలి. మబ్బులు, దుమ్ము, పొగ అన్నీ ఉండేది కూడా ఆ పొరలోనే. అందుకే మధ్యకు వచ్చే వెలుగు తక్కువ, రంగు ముదురు. పైపొరల గుండా వచ్చిన కాంతి కొంచెమే వంగి నీడ అంచుల దగ్గర పడుతుంది. అది పెద్దగా నష్టపోదు కాబట్టి అక్కడ తేట.
సెప్టెంబర్ గ్రహణానికే లెక్క వేద్దాం. చంద్రుడి దూరంలో భూమి నీడ వ్యాసార్ధం సుమారు 4,750 కిలోమీటర్లు. గ్రహణ మధ్యకాలంలో చంద్రుడి కేంద్రం, నీడ కేంద్రానికి దక్షిణంగా సుమారు 1,750 కిలోమీటర్ల దూరంలో ఉంది. చంద్రుడి వ్యాసార్ధం 1,737. కూడి తీసి చూడండి. ఉత్తరపు అంచు దాదాపు నీడ కేంద్రాన్నే తాకింది, దక్షిణపు అంచుకూ నీడ సరిహద్దుకూ మధ్య 1,250 కిలోమీటర్లే మిగిలింది. హైదరాబాద్‌లో ఆ వేళకు ఉత్తరం పైకి, దక్షిణం కిందికి ఉన్నాయి. మీరు చూసింది సరిగ్గా అదే. నీడలోకి చివరగా చేరిన అంచు కుడివైపు కింద, ముందుగా బయటపడ్డ అంచు ఎడమవైపు. అందుకే తేట అంచు అలా జరిగింది. మార్చిలో చంద్రుడు నీడ కేంద్రానికి ఉత్తరం పక్కగా దాటాడు, కనుక శేఖర్ గారికి ఉత్తరపు అంచు తేటగా కనిపించింది.

కెమెరా_కన్ను
నేను ఫొటోల వైపు నుంచి ఒక మాట చెబుతాను. పూర్తిగా నీడలోకి వెళ్లడానికి రెండు మూడు నిమిషాల ముందు, ఎరుపుకూ మిగిలిన తెల్లటి భాగానికీ మధ్య సన్నటి నీలిరంగు పట్టీ వస్తుంది. దాన్ని చాలామంది లెన్స్ లోపం అనుకొని ఫొటోలోంచి తీసేస్తారు. అది నిజమైన రంగే. భూమికి ఇరవై ముప్ఫై కిలోమీటర్ల ఎత్తున ఓజోన్ పొర గుండా వచ్చిన కాంతిలో నారింజ, ఎరుపు భాగాలను ఓజోన్ కొంత మింగేస్తుంది. అంత ఎత్తులో గాలి పలచన కాబట్టి నీలం చెదిరిపోదు. ఆ కాంతి కొంచెమే వంగి నీడ అంచున పడుతుంది.
దీన్ని పట్టాలంటే వైట్ బ్యాలెన్స్ పగటి వెలుగుకు పెట్టి కదలకుండా ఉంచాలి. ఆటోలో వదిలేస్తే కెమెరా ఎరుపును తప్పురంగుగా లెక్కగట్టి తగ్గిస్తుంది, నీలాన్ని పెంచుతుంది. అప్పుడు ఏది చంద్రుడిదో ఏది కెమెరాదో చెప్పలేం. పూర్తి గ్రహణం మధ్యలో స్టాండు మీద ఐఎస్‌ఓ 1600, ఒక సెకను వరకు అవసరం పడింది. ఆ ఒక సెకను ఫొటో మన కంటికి కనిపించిన దానికన్నా ఎప్పుడూ ఎక్కువ ఎర్రగా ఉంటుంది. మసక వెలుగులో కంటికి రంగులు సరిగా అందవు కదా.

చుక్కల_దారి
నీలి పట్టీ నిజమే అనుకున్నా, బైనాక్యులర్‌తో చూసేవాళ్లకు కనిపించేది అదేనా అని నాకు అనుమానం. ఎరుపు పక్కన తెలుపు ఉంటే ఆ తెలుపు కంటికి నీలంగా తోస్తుంది. కొంత ఓజోన్, కొంత మన కన్ను అంటాను.

కెమెరా_కన్ను
కంటి విషయంలో మీ మాట కొట్టిపారేయలేను. ఫొటోలో మాత్రం ఆ పట్టీని విడిగా కొలవవచ్చు.

పాత_తరం
నేను 1992 డిసెంబర్ 10 తెల్లవారుజామున చూసిన గ్రహణం గురించి చెప్పాలి. అప్పుడు రాజమండ్రిలో ఉండేవాణ్ణి. అయిదు గంటలకు గోదావరి గట్టు మీదికి వెళితే చంద్రుడు ఎక్కడున్నాడో వెతుక్కోవలసి వచ్చింది. రాగిరంగు లేదు, బూడిదరంగు ముద్దలా కొద్దిగా ఆనవాలు. ఏడాదిన్నర ముందు, 1991 జూన్‌లో, ఫిలిప్పీన్స్‌లో పినతుబో అగ్నిపర్వతం పేలింది. దాని ప్రభావమేనని తరువాత చదివాను.

న్యూజెర్సీ_శేఖర్
బాబాయిగారూ, డిసెంబర్ తెల్లవారుజామున గోదావరి మీద పొగమంచు ఉండి ఉంటుంది కదా? దాన్ని ఎలా తీసేస్తారు?

పాత_తరం
పక్కనే చిన్న చిన్న నక్షత్రాలు బాగా కనిపించాయి నాయనా. పొగమంచు అయితే ముందు పోయేవి అవే.

సత్యం_మాస్టారు
ఆ పరీక్ష మంచిది, ఎవరైనా చేయవచ్చు. ఆ గ్రహణం చాలా చోట్ల బాగా చీకటిగా నమోదైంది. బాలిలో అగుంగ్ పేలిన 1963లోనూ డిసెంబర్ 30 గ్రహణం అలాగే చీకటైంది. కారణం బూడిద కాదు, బూడిద త్వరగానే రాలిపోతుంది. సల్ఫర్ వాయువు పైపొరల్లో సన్నటి ఆమ్లపు తుంపరగా మారి రెండు మూడేళ్లు నిలుస్తుంది. అంచులకు తేట వెలుగు తెచ్చే పొర కూడా అదే కాబట్టి, అప్పుడు నడిమధ్యే కాదు, అంచులూ మసకబారతాయి. మీకు తేట అంచు ఎక్కడైనా కనిపించిందా?

పాత_తరం
లేదండీ. అన్ని వైపులా ఒకటే బూడిదరంగు.

మేడమీది_చూపు
అయితే 2025 సెప్టెంబర్‌లో తేట అంచు కనిపించింది కాబట్టి పైపొరలు శుభ్రంగా ఉన్నాయనుకోవచ్చా? డాంజోన్ కొలమానంలో 0 అంటే దాదాపు కనిపించనిది, 4 అంటే మెరిసే రాగిరంగు అని చదివాను. నేను 2 వేసుకున్నాను. మా తమ్ముడు అదే మేడ మీద 3 అన్నాడు.

సత్యం_మాస్టారు
అంచు తేటగా ఉందంటే పైపొరల్లో పెద్దగా తుంపర లేదనే నేనూ అంటాను. 2, 3 తేడా మాత్రం తేలదు. మధ్యభాగం చూసి అంకె వేసేవారు 2 అంటారు, అంచు చూసేవారు 3 అంటారు. పైగా ఆ గీత మీద, యూరప్ నుంచి ఆఫ్రికా దాకా, ఆ సాయంత్రం మబ్బులు ఎంత ఉన్నాయో అంకెలో కలిసిపోతుంది.

చుక్కల_దారి
అందుకే మధ్యభాగానికి ఒక అంకె, అంచుకు ఒక అంకె వేరుగా రాయాలి. మన దగ్గర రాత్రి హాయిగా కనిపించే సంపూర్ణ గ్రహణం 2028 డిసెంబర్ 31న ఉంది. రాత్రి 9:46 ప్రాంతంలో చంద్రుడు పూర్తిగా నీడలోకి వెళతాడు, 10:58 దాకా అందులోనే ఉంటాడు.

పల్లె_పౌర్ణమి
మా ఊళ్లో వీధి దీపాలు తక్కువ. బైనాక్యులర్ లేదు, కంటితో చూసి రెండు అంకెలు రాస్తే పనికొస్తాయా?

సత్యం_మాస్టారు
తప్పకుండా పనికొస్తాయమ్మా. డాంజోన్ కొలమానం కంటిచూపు కోసమే. 9:50కి ఒకసారి, 10:22కు ఒకసారి, 10:55కు ఒకసారి రాయండి. పక్కనున్న నక్షత్రాలు కనిపించాయో లేదో కూడా రాయండి.