‘పైది గుండె పోటు, కిందిది నరం...’ ఆ చివరి మాట ఏమిటి?

నూజివీడు మామిడి: మా చిన్నప్పటి ఊరి కాంపౌండర్ గారు బీపీ చూసిన ప్రతిసారీ ఒక ముక్క అనేవారు. ‘పైది గుండె పోటు, కిందిది నరం ...టు’. ఆ ఖాళీలో ఉన్నది ‘ఆటు’నా, ‘పాటు’నా, ‘పట్టు’నా? మొన్న నాన్నగారికి (71 ఏళ్లు) 168/74 వచ్చినప్పుడు గుర్తొచ్చింది. అప్పట్నుంచీ వదలడం లేదు.

గోదారి గట్టు: ‘పాటు’ అండి, అనుమానం అక్కర్లేదు. మా కోనసీమలో సముద్రం పొంగితే పోటు, తీస్తే పాటు. పడు నుంచి పాటు, చెడు నుంచి చేటు వచ్చినట్టే. రక్తం పొంగినప్పుడు పై అంకె, తీసినప్పుడు కింది అంకె.

యతిప్రాసల రావు: ప్రాస వరకు పోటు–పాటు సరే. యతి అనుకుంటే మాత్రం పోకూ పాకూ అచ్చు మైత్రి లేదు. ‘పట్టు’ అయితే ప్రాస కూడా పోతుంది, టకారానికి ట్టకారం చెల్లదు.

స్టెతస్కోపు: కాంపౌండర్ గారు సీసపద్యం చెప్పలేదు కదా, రావు గారూ! అర్థం చూస్తే నా ఓటు ‘పట్టు’కే. పాటు అంటే నీరు తీసేసినట్టు. కింది అంకె అలా కాదు. గుండె సడలి మళ్లీ నిండుతున్నంత సేపూ సాగిన పెద్ద ధమని వెనక్కి ముడుచుకుంటూ రక్తాన్ని ముందుకు తోస్తుంది. చివర్లో చిన్న నాళాలు బిగిసి ఉండి దాన్ని ఒక్కసారిగా జారిపోనివ్వవు. తర్వాతి దెబ్బ పడే ముందు మిగిలిన ఒత్తిడే ఆ 74. అది నరం పట్టే.

లెక్కల మాష్టారు: పట్టో పాటో గానీ, నూజివీడు గారూ, కంగారు పడకండి. పై అంకెకి వంద ప్లస్ వయసు ఉండొచ్చని మా పాత డాక్టరు చెప్పేవారు. నూటడెబ్బై ఒకటి దాటలేదుగా. కింది అంకె తొంభై లోపే ఉంది. కిందిదే అసలు బీపీ.

స్టెతస్కోపు: ఒకప్పుడు డాక్టర్లూ అలాగే అనేవారు, మాష్టారూ. వయసుతో పై అంకె పెరుగుతుందన్నది నిజం, పెరిగినా ఫర్వాలేదన్నది తప్పు. అమెరికాలో 1991లో వెలువడిన షెప్ అధ్యయనంలో అరవై దాటి, పైది 160కి మించి, కిందిది 90 లోపు ఉన్నవాళ్లకే మందిచ్చి చూశారు. పక్షవాతాలు మూడో వంతుకు పైగా తగ్గాయి.

మీ లెక్కతోనే చూద్దాం. కింది అంకెకు తేడాలో మూడో వంతు కలిపితే సగటు ఒత్తిడి సుమారుగా వస్తుంది. 168/74కి తేడా 94, సగటు 105. 138/89కి తేడా 49, సగటు మళ్లీ 105. సగటు ఒకటే, మనుషులు వేరు. మొదటాయన పెద్ద ధమని గట్టిపడింది. గుండె తోసినప్పుడు అది సాగక పై అంకె ఎగిరింది, సడలినప్పుడు తోడ్పడలేక కింది అంకె పడింది. అంటే పై అంకె ఒట్టి ‘గుండె పోటు’ కాదు, అందులోనూ నరం వాటా ఉంది. కాంపౌండర్ గారి వాక్యంలో నాకు అసలు పేచీ అక్కడ.

పద్మజ: మా అబ్బాయికి ముప్పై నాలుగేళ్లు, 128/94 వచ్చింది. ‘కిందిది తక్కువే ఉంటుంది, వదిలేయ్’ అన్నారు ఇంట్లో. ఇది పోటా, పాటా?

స్టెతస్కోపు: ఆ వయసులో కిందిది ఒక్కటే పెరిగితే సాధారణంగా చిన్న నాళాల బిగువే కారణం, అమ్మా. వదిలేయకండి. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, వేర్వేరు రోజుల్లో చూడండి. ఆ అంకెలు రాసుకుని డాక్టరుకు చూపించండి.

యతిప్రాసల రావు: పోటు అంటే పొడవడం కదా, కత్తిపోటు లాగా. ‘రక్తపోటు’ అన్నవాడు గోడకు తగిలే దెబ్బనే ఉద్దేశించి ఉండాలి. సముద్రం ఎందుకొచ్చింది మధ్యలో?

గోదారి గట్టు: సముద్రప్పోటు మాత్రం పొడవడం కాదా, రావు గారూ? కరకట్టని అడగండి. నూజివీడు గారూ, మీ కాంపౌండర్ గారిది ఏ ఊరు? సముద్రం వైపైతే పాటే.

నూజివీడు మామిడి: పుట్టింది అమలాపురం దగ్గర, పని నేర్చుకుంది కర్నూల్లో. నాన్నగారిని రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను.

యతిప్రాసల రావు: కర్నూలైతే ‘పట్టు’కి అవకాశం లేకపోలేదు. ప్రాస మాత్రం ఇప్పటికీ చెడిందే.