నియమగిరి తీర్పు రాజ్ వైపా, డ్వర్కిన్ వైపా?

మాది రాయగడ. రూల్ ఆఫ్ లా మీద జ్యూరిస్‌ప్రుడెన్స్ వ్యాసం రాస్తూ ఒక చోట ఇరుక్కున్నాను, కాస్త సాయం చేయండి.

న్యాయ తత్వవేత్త జోసెఫ్ రాజ్ లెక్కలో చట్టం స్పష్టంగా, ముందే తెలిసేలా ఉండి, స్వతంత్ర కోర్టులు అమలు చేస్తే చాలు. అది చెడ్డ చట్టమైనా సరే. మరో న్యాయ తత్వవేత్త డ్వర్కిన్ మాత్రం హక్కులు కూడా నిలవాలంటాడు.

ఉదాహరణగా మా ఒడిశాలోని నియమగిరి కొండల కేసును తీసుకున్నాను. 2013లో బాక్సైట్ తవ్వకం విషయం గ్రామసభల ముందు పెట్టమంది సుప్రీంకోర్టు. 12 సభలూ వద్దన్నాయి. ఇది డ్వర్కిన్ పక్షమేనని రాసేశాను. తీరా చూస్తే తీర్పుకు ప్రధాన ఆధారం 2006 అటవీ హక్కుల చట్టం! ఉన్న చట్టాన్నే అమలు చేశారు కాబట్టి రాజ్ కూడా ఒప్పుకుంటాడు కదా?

ఆ చట్టమే లేకపోతే ఇద్దరూ ఏమనేవారో చూపిస్తే తేడా తేలుతుందా? లేక ఎమర్జెన్సీలో నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించలేరన్న ఏడీఎం జబల్‌పూర్ కేసుకు మారిపోనా?