పచ్చ చీర కడితే మెడ కూడా పచ్చగా వస్తోంది, లైటు ఎక్కడ పెట్టాలి?

టైలరింగ్ పాఠాల వీడియోలు నాలుగు ఒకే ఆదివారం తీస్తాను. ఒక్కోదానికి ఒక్కో చీర. మొదటి రెండింటికి వెనక తెల్ల గోడ, తర్వాతి రెండింటికి బట్టల అర. డావిన్సీ రిజాల్వ్‌లో టైటిల్, మ్యూజిక్, కలర్ సెట్ చేసిన టెంప్లేట్ ఉంది, క్లిప్పులు అందులో వేస్తే చాలు.

మూడు వీడియోలు బాగానే వస్తున్నాయి. చిలకపచ్చ పట్టుచీరతో తీసే నాలుగోదానిలో మాత్రం గడ్డం కింద, మెడ మీద పచ్చ ఛాయ కనిపిస్తోంది. నుదురు మామూలుగానే ఉంటుంది.

ఆటో వైట్ బ్యాలెన్స్ వల్లనేమో అనుకుని ఫోన్‌లో 5600 కెల్విన్ దగ్గర లాక్ చేశాను. కిటికీలు మూసేసి రెండు ఎల్‌ఈడీ లైట్లతోనే తీశాను. ముఖం పక్కన గ్రే కార్డు పట్టుకుంటే అది బూడిద రంగులోనే వచ్చింది, అంటే కెమెరా తప్పు కాదు. తెల్ల గోడ ముందు తీసినా అదే పచ్చ. టెంప్లేట్‌లో టింట్‌ను మెజెంటా వైపు జరిపితే మెడ సర్దుకుంది గానీ నుదురు గులాబీ అయిపోయింది.

కాంతి చీర మీద పడి పైకి కొడుతోందని నా అనుమానం. రెండు లైట్లూ ముఖానికి మూడడుగుల దూరంలో, చెరోపక్క, ఛాతీ ఎత్తులో ఉన్నాయి. ఆ చీర మానేయమని మా ఆయన సలహా, అది కుదరదు.

టెంప్లేట్‌లోని కలర్ మార్చకుండా ఈ పచ్చ ఛాయ పోవాలంటే లైట్లను ఎంత ఎత్తులో, ఏ కోణంలో పెట్టాలి?